బాకీల వయసు చెప్పే నోట్

జీడిమెట్లలో అట్టపెట్టెలు చేసే ఒక చిన్న యూనిట్ ఉందనుకుందాం. ఒక ఆహార కంపెనీ వచ్చి 60 రోజుల అరువు మీద సరుకు అడిగింది. ఏడాదిలో ఆ కంపెనీ అమ్మకాలు 40 కోట్ల నుంచి 44 కోట్లకు పెరిగాయి, లాభం 2 కోట్ల దగ్గర నిలకడగా ఉంది. చాలామంది ఇంతవరకు చూసి లారీ ఎక్కించేస్తారు. అసలు సంగతి వెనక పేజీల్లో, ట్రేడ్ పేయబుల్స్ నోట్‌లో ఉంటుంది. కంపెనీ తన సప్లయర్లకు ఎంత బాకీ పడిందో చెప్పే నోట్ అది. ప్రైవేటు కంపెనీదైనా సరే, ఈ పత్రాలను కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో 100 రూపాయల ఫీజు కట్టి చూడొచ్చు.

మన ఉదాహరణలో బాకీలు 6 కోట్ల నుంచి 9 కోట్లకు చేరాయి. కొనుగోళ్లేమో 30 కోట్ల నుంచి 32 కోట్లకే పెరిగాయి. బాకీని కొనుగోళ్లతో భాగించి 365తో గుణిస్తే, నిరుడు సగటున 73 రోజులకు డబ్బులిచ్చిన కంపెనీ ఈసారి 103 రోజులు తీసుకుంటోందని తేలుతుంది. 60 రోజుల మాటకు విలువెంతో ఇక్కడే తెలిసిపోయింది.

అదే నోట్‌లో బాకీల వయసు పట్టిక ఉంటుంది. 2021-22 నుంచి ఇది తప్పనిసరి. సూక్ష్మ, చిన్న సంస్థల బాకీలు ఒక వరుసలో, మిగతావారివి మరో వరుసలో, వివాదంలో ఉన్నవి విడిగా చూపాలి. ఏడాది దాటిన బాకీ 10 లక్షల నుంచి 90 లక్షలకు ఎగబాకితే ఎవరో చాలాకాలంగా తిరుగుతున్నారన్నమాట. చిన్న సంస్థలకు ఆలస్యానికి చెల్లించాల్సిన వడ్డీ నిరుడు సున్నా, ఈ ఏడు 4 లక్షలు అయితే అనుమానం మరింత బలపడుతుంది. నిరుటి అంకెను మాత్రం నిరుటి నివేదికలోనే సరిచూడాలి. కొత్త నివేదికలో పాత అంకెల పద్దులు మార్చి చూపడం మామూలే.

పట్టిక శుభ్రంగా ఉన్నంత మాత్రాన నిశ్చింత లేదు. వయసును బిల్లు తేదీ నుంచి కాక చెల్లింపు గడువు నుంచి లెక్కిస్తారు. గడువునే 120 రోజులు చేస్తే ఆలస్యం కనబడదు. 2018 జనవరిలో కుప్పకూలిన బ్రిటన్ నిర్మాణ సంస్థ కారిలియన్ సప్లయర్లకు పెట్టిన గడువు సరిగ్గా అంతే. ముందే డబ్బు కావాలన్నవారికి బ్యాంకులు కోత వేసుకుని ఇచ్చేవి. అలా బ్యాంకులకు పడిన బాకీని సంస్థ అప్పుల్లో కాక ‘ఇతర చెల్లింపుల’ కింద రాసుకుంది. అలా తప్పు పద్దులో పడిన మొత్తం 49.8 కోట్ల పౌండ్ల వరకు ఉండొచ్చని మూడీస్ తర్వాత లెక్కగట్టింది. 2016 చివరికి కారిలియన్ చూపించిన నికర అప్పు దాదాపు 22 కోట్ల పౌండ్లే. అందుకే ‘ఇతర’ అన్న పద్దు ఏడాదికేడాది ఉబ్బుతుంటే ఆ నోట్ కూడా విప్పి చూడాలి.

పైగా ఈ అంకెలన్నీ మార్చి 31 నాటివి, పోర్టల్‌లోకి వచ్చేసరికి తరచూ అక్టోబరు అవుతుంది. అట్టపెట్టెల యజమాని మొదటి లోడుకు సగం అడ్వాన్సు అడిగి, ఇప్పటికే ఆ కంపెనీకి సరుకిస్తున్న ఇద్దరికి ఫోన్ చేసి జులై బిల్లులు ఎప్పుడు వచ్చాయో కనుక్కుంటాడు.