మీకు తెలుసా? ఒకే కంపెనీ, మూడు గుర్తులు

హైదరాబాద్‌కు చెందిన డాక్టర్ రెడ్డీస్ లేబొరేటరీస్ షేరు కోసం ఎన్‌ఎస్‌ఈలో వెతికితే DRREDDY అని కనిపిస్తుంది. బీఎస్‌ఈలో దాని అంకె 500124. న్యూయార్క్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో మాత్రం RDY.

మొదటి రెండూ ఒకే షేరు. గూడూరు మదుపరి బీఎస్‌ఈలో కొని ఎన్‌ఎస్‌ఈలో అమ్ముకున్నా ఇబ్బంది లేదు, డీమ్యాట్ ఖాతాలో రెండూ ఒకటే. RDY అలా కాదు. అది 2001 నుంచి అమెరికాలో డాలర్లలో చేతులు మారుతున్న డిపాజిటరీ రసీదు. ఒక్కో రసీదు వెనుక ఒక్కో షేరు ఉంటుంది.

పేరు చూసి పొరబడకుండా ఉండాలంటే ఐసిన్ చూడాలి. ఇది 12 అక్షరాలు, అంకెల గుర్తింపు. రెడ్డీస్ షేరుది INE089A01031. ఇందులో IN అంటే భారతదేశం, 089A కంపెనీది, దాని తర్వాతి 01 ఈక్విటీ షేరుకు గుర్తు. 2024లో 5 రూపాయల ముఖ విలువ గల షేరును రూపాయి షేర్లుగా విడగొట్టినప్పుడు ఐసిన్ మారింది. DRREDDY మాత్రం మారలేదు.

ఒకే కంపెనీకి రెండు రకాల షేర్లూ ఉండొచ్చు. టాటా మోటార్స్ మామూలు షేరు గుర్తు TATAMOTORSగా ఉన్న రోజుల్లో, పదో వంతు ఓటు హక్కుతో, కాస్త ఎక్కువ డివిడెండ్‌తో వచ్చిన షేరు గుర్తు TATAMTRDVRగా ఉండేది. రెండో దాని ధర తక్కువగా ఉండేది. చౌకగా దొరుకుతోందని కొన్నవారికి ఓటు బలం కూడా తక్కువగానే ఉండేది. 2024లో ఆ రకాన్ని రద్దు చేసి, ప్రతి 10 షేర్లకు 7 మామూలు షేర్లు ఇచ్చారు.

ఆర్డర్ పెట్టేముందు కంపెనీ పేరుతో పాటు గుర్తునూ, ఐసిన్‌నూ సరిచూసుకోండి.