వేలు పడకపోతే పింఛను ఆగాలా?

"అవ్వా, నీ వేలు పడ్తలేదు, రేపు రా." తెలంగాణలో ఆసరా పింఛన్లు పంచే రోజుల్లో పోస్టాఫీసు గడపల దగ్గర తరచూ వినపడే మాట ఇది. ఆ రేపు కూడా వేలు పడదు. ఒక్కరాత్రిలో చర్మం మారదు కదా!

వయసుతో వేలి మీది గీతలు పలచబడతాయి, తేమ తగ్గుతుంది, ముడతలు గీతలకు అడ్డం పడతాయి. గీత ఎక్కడ ఆగింది, ఎక్కడ చీలింది అన్న గుర్తులను బట్టే యంత్రం పోల్చుకుంటుంది. ఏళ్ల తరబడి బీడీలు చుట్టిన మనిషికి బొటనవేలు, చూపుడువేలు ముందే అరిగిపోయి ఉంటాయి. అలవాటుగా అందరూ పెట్టించేది కూడా ఆ రెంటినే.

అలాంటి డెబ్బై ఏళ్ల అవ్వ ఒకరు వచ్చారనుకుందాం. మొదట తెర మీద ఏ నంబరు వచ్చిందో చూడాలి. 300 అంటే ముద్ర సరిపోలలేదని అర్థం. 330 అంటే బయోమెట్రిక్‌కు తాళం వేసి ఉందని; అప్పుడు వేలు ఎంత తుడిచినా లాభం లేదు, ఆధార్ యాప్‌లోనో వెబ్‌సైట్‌లోనో తాళం తీయాల్సిందే. మన అవ్వకు వచ్చింది 300. వేళ్లు, యంత్రం అద్దం తుడిచి, ఉంగరపు వేలో చిటికెన వేలో పెట్టి చూడాలి. ఏ వేలు బాగా పడుతుందో వెతికిపెట్టే ఏర్పాటు ఆధార్‌లోనే ఉంది. దాన్ని వాడేవాళ్లే తక్కువ. తర్వాత కనుపాప, ముఖం, ఫోన్‌కు వచ్చే ఓటీపీ. శుక్లాలుంటే కనుపాప మొరాయించవచ్చు. ఫోన్ నంబరు కొడుకుదై, ఆయన ముంబైలో ఉంటే ఓటీపీ అక్కడికే పోతుంది.

అన్నీ విఫలమైతే? సంక్షేమ పథకాల లబ్ధి ఆపకూడదని, ఆధార్ కార్డు చూసి, మినహాయింపు రిజిస్టరులో రాసుకుని ఇవ్వాలని 2017 అక్టోబరు 24 నాటి ఆధార్ సంస్థ సర్క్యులర్ చెబుతోంది. కాబట్టి "రేపు రా" అన్నవారిని అడగాల్సింది ఆ రిజిస్టరు గురించే. తెలంగాణలో ఇలాంటివారికి పంచాయతీ కార్యదర్శి తన వేలిముద్రతో ధ్రువీకరించి ఇప్పించే పద్ధతి నడిచింది. దయగల పద్ధతే. కానీ చనిపోయినవారి పేరు మీద డబ్బు తీసుకోవడానికీ అదే సందు. అందుకే ముఖ గుర్తింపు తెచ్చారు. నా మటుకు సందు మూయడానికి మనిషి సాక్ష్యాన్ని తీసేయనక్కర్లేదు. ఏ నెల ఎవరికి, ఎవరి మాట మీద ఇచ్చారో రాసి, గ్రామసభలో చదివి వినిపిస్తే చాలు.

ఉద్యోగం చేసి రిటైరైనవారి సంగతి వేరు. సేవ చేసి సంపాదించుకున్న పింఛనుకు ఆధార్ చట్టంలోని ఏడో సెక్షన్ వర్తించదని సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 26న తేల్చింది. వీళ్ల చిక్కంతా నవంబరులో ఇచ్చే జీవన ప్రమాణ పత్రం దగ్గరే. ఫోన్‌లో ముఖం చూపించినా పనికాకపోతే కాగితం మీద పాత పద్ధతిలో ఇవ్వవచ్చు. 80 దాటినవారికి అక్టోబరు 1 నుంచే అవకాశం ఉంది. కాగితం ఇచ్చినప్పుడు బ్యాంకు ముద్ర వేసిన రసీదు తీసుకుని ఇంట్లో దాచుకోవాలి. డిసెంబరులో డబ్బు పడకపోతే కౌంటరు దగ్గర చూపించాల్సింది దాన్నే.