ఆన్‌లైన్ సర్టిఫికెట్‌కు క్రెడిట్ ఎప్పుడొస్తది?

ఇంజనీరింగ్ పోరగాళ్ల రెజ్యూమె ఏది చూసినా పది పన్నెండు ఆన్‌లైన్ సర్టిఫికెట్లు కనవడ్తున్నయ్. అందుల సగం వీడియోలు చూసి, క్విజ్‌లు నొక్కితే వచ్చినయే. ఆ క్విజ్ ఎవరు రాసిన్రో అడిగేటోళ్లు లేరు. వాటిని నేర్చుకున్నందుకు గుర్తు అనుకోవచ్చు గానీ, యూనివర్సిటీ లెక్కల మాత్రం వాటికి జాగ లేదు.

ఐఐటీలు, ఐఐఎస్సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్ కోర్సుల సంగతి వేరే. కేంద్రం పెట్టిన స్వయం పోర్టల్‌లనే అవి ఉంటయ్. పాఠాలు ఫ్రీగనే వినొచ్చు, సర్టిఫికెట్ కావాలంటే మాత్రం ఫీజు కట్టి, సెంటర్‌కు పోయి, ఇన్విజిలేటర్ ముంగట కూసొని పరీక్ష రాయాలె. దాని బరువంతా ఆ పరీక్షల్నే ఉన్నది.

లెక్క ఇట్ల ఉంటది. పన్నెండు వారాల కోర్సుకు 3 క్రెడిట్లు, ఎనిమిది వారాలదానికి 2, నాలుగు వారాలదానికి 1. మార్కులల్ల 25 అసైన్‌మెంట్లకు, 75 పరీక్షకు. పన్నెండు వారాల కోర్సుల మంచిగ చేసిన ఎనిమిది అసైన్‌మెంట్ల సగటు తీస్తరు. పాస్ కావాలంటే అసైన్‌మెంట్లల్ల 25కు 10, పరీక్షల 75కు 30 విడివిడిగ రావాలె. ఇక్కడనే చానా మంది దెబ్బ తింటరు. దోస్తుల దగ్గర చూసి అసైన్‌మెంట్లు నింపిన పిల్లగానికి 25కు 25 వచ్చినయ్ అనుకుందాం. పరీక్షల 28 వచ్చినయ్. మొత్తం 53. నలభై దాటింది కదా అనుకుంటడు, కానీ సర్టిఫికెట్ రాదు. అదే 20, 50 తెచ్చుకున్న అమ్మాయికి 70 అయితయ్, సర్టిఫికెట్ మీద 'ఎలైట్' అని పడ్తది. సర్టిఫికెట్ మీదున్న క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తే అసలుదో కాదో ఎవలైనా చూసుకోవచ్చు.

ఆ అమ్మాయికి 3 క్రెడిట్లు వాటంతట అవే డిగ్రీల కలుస్తయా? కలవయ్. యూజీసీ 2021 రూల్స్ ప్రకారం ఒక సెమిస్టర్ కోర్సులల్ల 40 శాతం దాకా స్వయం నుంచి తీసుకోనియ్యొచ్చు. గంతవరకు పర్మిషన్ ఉన్నది గానీ, ఏ కోర్సును ఏ సబ్జెక్టుకు బదులు పెట్టాలెనో ఖరారు చేసేది కాలేజీ, యూనివర్సిటీలే. అందుకే రిజిస్టర్ కాకముందే డిపార్ట్‌మెంట్‌ల అడగాలె: ఈ కోర్సును ఫలానా ఎలెక్టివ్ కింద లెక్కేస్తరా, ఎన్ని క్రెడిట్లకు, రిజల్ట్ ఏ తారీకు లోపట కావాలె? జవాబు కాయితం మీద తీసుకోవాలె. కోర్సు అయిపొయినంక సర్టిఫికెట్ పట్టుకొని పోతే, 'మా లిస్టుల లేదు' అనేటోళ్లే ఎక్కువ. ఫైనలియర్ పిల్లలు ఇంకింత హుషారుగ ఉండాలె, ఎందుకంటే పరీక్ష రిజల్ట్ కాలేజీ మెమోల టైంకు రాకపోవచ్చు.

ఇగ క్రెడిట్లు దాచుకునే బ్యాంకు సంగతి. 2021ల యూజీసీ తెచ్చిన అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌ల ఖాతా మనది, జమ చేసేది మాత్రం సంస్థలే. మన సర్టిఫికెట్ మనమే తీస్కపోయి వేసుకునే దారి లేదు. ఒక డిగ్రీకి ఒకసారి వాడుకున్న క్రెడిట్ ఇంకో డిగ్రీకి పనికి రాదు. మామూలుగ ఏడేండ్ల కన్నా ఎక్కువ నిల్వ ఉండదు. ఇంకో ముఖ్యమైన ముడి ఏందంటే, డిగ్రీ ఇచ్చే సంస్థల్నే కనీసం సగం క్రెడిట్లు చదివి సంపాయించాలె. గందుకే నలభై సర్టిఫికెట్లు కుప్పేసినా అది డిగ్రీ కాదు. పట్టా అడిగే సర్కారు నౌకరీకి అప్లై చేస్తే, ఆ కుప్పను పక్కకు పెడ్తరు.

మరి చిన్నచిన్నవి పేర్చుకుంట పెద్ద చదువు కట్టే దారి లేదా అంటే ఉన్నది, గాకపోతే ఆ మెట్లు ముందుగాలనే కట్టి ఉండాలె. ఐఐటీ మద్రాస్ ఆన్‌లైన్‌ల చెప్పే డేటా సైన్స్ బీఎస్ ఇట్లాంటిదే. ముందుగాల నాలుగు వారాల క్వాలిఫయర్ చదివి, సెంటర్‌ల పరీక్ష పాసై లోపటికి పోవచ్చు. ఫౌండేషన్‌కు 32 క్రెడిట్లు, అది అయితే ఒక సర్టిఫికెట్. తర్వాత 27 క్రెడిట్ల చొప్పున రెండు డిప్లొమాలు, ఒకటి ప్రోగ్రామింగ్, ఇంకోటి డేటా సైన్స్. అక్కడికి 86. మరో 28 చేస్తే 114కు బీఎస్సీ, ఇంకో 28 చేస్తే 142కు బీఎస్. మధ్యల ఇల్లు గడవక ఆపేయాల్సి వచ్చినా, అప్పటిదాక ఎక్కిన మెట్టు పట్టా చేతుల ఉంటది. చానా మట్టుకు కోర్సులు అదే సంస్థయి, పరీక్షలు సెంటర్‌లనే, పై మెట్టుకు కింది మెట్టు క్రెడిట్లు లెక్కల ఉన్నయే.

కొత్త కోర్సుకు ఫీజు కట్టే ముందు వెబ్‌సైట్‌ల వెతకాల్సింది గిదే: క్రెడిట్లు ఎన్నని రాసిన్రా, పరీక్ష ఎవల ముంగట, ఆ క్రెడిట్లు ఏ డిగ్రీల కలుస్తయో పేరు పెట్టి చెప్పిన్రా. 'ఇండస్ట్రీ రెడీ', 'గ్లోబల్ సర్టిఫికేషన్' లాంటి మాటలే ఉండి ఈ మూడు లేకపోతే, అది నేర్చుకునేందుకు పనికొస్తదేమో గానీ మెమో మీదికి ఎక్కదు.