జర్మన్‌లో మర్యాదకూ, తీరని కోరికకూ ఒకే క్రియారూపం

నిజం కానిదాన్ని ఊహించి చెప్పడానికి జర్మన్‌లో వాడే క్రియారూపం కొన్‌యుంక్టీవ్ రెండు. మర్యాదగా అడగడానికీ అదే పనికొస్తుంది. బేకరీలో ‘ఇష్ విల్ త్స్వై బ్ర్యోట్‌షెన్’ అంటే ‘నాకు రెండు బన్నులు కావాలి’ అని గదమాయించినట్టు ఉంటుంది. ‘ఇష్ హెట్టె గెర్న్ త్స్వై బ్ర్యోట్‌షెన్’ అంటే అదే కోరిక మెత్తబడుతుంది. అడిగేదాన్ని ఊహలా చెప్పడంతో ఎదుటివారికి కాదనే వీలు మిగులుతుంది.

ఈ రూపం భూతకాల రూపం నుంచే వస్తుంది, కొన్ని క్రియల్లో అచ్చు మారుతుంది. ‘ఉండేది’ అని చెప్పే ‘హట్టె’, ‘ఉంటేనా’ అనే ఊహకు ‘హెట్టె’ అవుతుంది. ఆ అచ్చు సరిగా పలకకపోతే కోరిక కాస్తా గతం కబురైపోతుంది. మాటల్లో చాలా క్రియలకు ఈ మార్పు చేయరు. ‘వ్యుర్డె’ చేర్చి, అసలు క్రియను వాక్యం చివర ఉంచుతారు.

తీరని కోరికకు ‘డొఖ్’ తోడవుతుంది. ‘హెట్టె ఇష్ డొఖ్ మేర్ త్సైట్!’ అంటే ‘నాకు ఇంకాస్త సమయం ఉంటే ఎంత బాగుండు!’ అని. ‘డొఖ్’ గానీ ‘నూర్’ గానీ లేకపోతే అది సగంలో ఆగిన షరతులా వినిపిస్తుంది. జరిగిపోయినదాని గురించైతే చివర భూతకృదంతం వస్తుంది: ‘హెట్టె ఇష్ డాస్ డొఖ్ గెవుస్ట్!’, అంటే ‘ఆ సంగతి ముందే తెలిసుంటేనా!’