నిశ్చితార్థం కబురు: జాబితా లేకుండా రెండిళ్లకూ కృతజ్ఞత

నిశ్చితార్థం అయిన మర్నాడు ఫేస్‌బుక్‌లోనో, బంధువుల వాట్సాప్ గ్రూపులోనో ఒక ఫొటో వస్తుంది. అందులో అమ్మాయీ అబ్బాయీ ఉంగరాలు చూపిస్తూ నవ్వుతుంటారు. కింద రాసిన నాలుగు ముక్కలు మాత్రం ఆ నవ్వుకు పొసగకుండా బిగుసుకుని ఉంటాయి. ఉదాహరణకు అమ్మాయి హారిక, అబ్బాయి వంశీకృష్ణ అనుకుందాం. వాళ్లది తెనాలి, వీళ్లది కరీంనగర్. హారిక తన ఖాతాలో పెట్టాలనుకున్న మొదటి ప్రతి ఇలా ఉంటుంది:

"శ్రీ వేంకటేశ్వరస్వామి వారి దివ్య ఆశీస్సులతో, పెద్దల సమక్షంలో, చి.ల.సౌ. హారిక (ఎం.టెక్), చి. వంశీకృష్ణ (సాఫ్ట్‌వేర్ ఇంజనీర్, హైదరాబాద్)ల నిశ్చితార్థ మహోత్సవము ఆదివారం ఉదయం 10.32 గంటలకు తెనాలిలో వైభవముగా జరిగినదని తెలియజేయుటకు మిక్కిలి సంతోషించుచున్నాము. ఈ శుభకార్యమునకు విచ్చేసి ఆశీర్వదించిన..."

ఆ తర్వాత పెదనాన్నలతో మొదలై కాలేజీ స్నేహితుల దాకా పదిహేడు పేర్లు. చివర "మరియు బంధుమిత్రులందరికీ పేరుపేరునా హృదయపూర్వక ధన్యవాదములు".

ఇందులో ఒక్క తప్పూ లేదు. అయినా చదివినవాళ్లకు మనసులో ఏమీ నిలవదు. ఈ వాక్యాలు శుభలేఖ నుంచి వచ్చినవి కావడమే అందుకు కారణం. శుభలేఖ చేసే పని వేరు. అది జరగబోయేదానికి పిలుపు. ఎవరి అమ్మాయి, ఎవరి అబ్బాయి, ఏ ముహూర్తం, ఏ ఊరు అన్నది తేడా రాకుండా చెప్పాలి. పిలిచేది పెద్దవాళ్లు కాబట్టి పిల్లల పేర్ల ముందు చిరంజీవి అనో, చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అనో దీవెన పెడతారు. నిశ్చితార్థం అయ్యాక పెట్టే పోస్టులో పిలుపు లేదు. జరిగినదాన్ని చెప్పడం, మనకోసం కష్టపడినవాళ్లను తలుచుకోవడం, ఈ రెండే దాని పనులు. కాబట్టి ముహూర్తం నిమిషాలతో సహా చెప్పాల్సిన అవసరం లేదు. చదువూ ఉద్యోగమూ అక్కర్లేదు. తన పేరు ముందు తానే చి.ల.సౌ. పెట్టుకుంటే తనను తానే దీవించుకున్నట్టు ఉంటుంది.

అందుకే ముందుగా తేల్చుకోవాల్సింది, ఇది ఎవరు మాట్లాడుతున్న మాట అన్నది. హారిక ఖాతాలో పెడితే "నాకూ వంశీకీ" అని రావాలి. వాళ్ల నాన్నగారు పెడితే "మా అమ్మాయికి" అని రావాలి. అప్పుడు చి.ల.సౌ. కూడా అందంగానే ఉంటుంది. మొదటి ప్రతిలో ఖాతా అమ్మాయిది, గొంతు శుభలేఖది. ఈ ఒక్కటి సరిచేస్తే "జరిగినది", "సంతోషించుచున్నాము" వంటివి వాటంతటవే రాలిపోతాయి. ఎందుకంటే "నేను" అని మొదలుపెట్టినవాళ్లు ఎవరూ అలా మాట్లాడరు.

ఇక పదిహేడు పేర్ల సంగతి. జాబితా రాసేవాళ్ల ఉద్దేశం మంచిదే. ఎవరినీ మరిచిపోకూడదనే రాస్తారు. జాబితా చదివేవాళ్లు మాత్రం ముందుగా తమ పేరు కోసం వెతుకుతారు. కనిపిస్తే ఒక క్షణం సంతోషిస్తారు. కనిపించకపోతే చాలా కాలం గుర్తుపెట్టుకుంటారు. రెండో మేనమామ పేరు ఉండి మూడో మేనమామ పేరు లేకపోతే, ఆ పోస్టు గురించి ఆ ఇంట్లో ఇక అదొక్కటే మాట. పేర్లు ఎన్ని పెంచినా ఈ చిక్కు తీరదు. పదిహేడును నలభై చేస్తే, నలభై మందిలో కూడా లేనివాళ్ల బాధ ఇంకా ఎక్కువ. వరసలో ఎవరు ముందు, ఎవరు వెనక అన్నది మరో తగాదా. అబ్బాయి వైపువాళ్ల పేర్లు అమ్మాయికి ఇంకా పూర్తిగా తెలియవు కాబట్టి, తమవాళ్ల పేర్లు పదమూడు, వాళ్లవి నాలుగు అవుతాయి. ఆ తేడా కరీంనగర్‌లో ఎవరో ఒకరు తప్పకుండా లెక్కపెడతారు.

మరి పేర్లు లేకుండా కృతజ్ఞత చెప్పడం ఎలా? దీనికి దారి మన ఇళ్లలోనే ఉంది. మనం అమ్మతో "ధన్యవాదాలు" అనం. అంటే "ఇదేమిటే, కొత్తగా!" అంటుంది. అమ్మ చేసినదాన్ని నలుగురిలో చెప్పుకుంటాం. "జ్వరంతో ఉండి కూడా మా అమ్మ పిండివంటలన్నీ తనే చేసింది" అంటే అందులో కృతజ్ఞత అంతా ఉంది. నిశ్చితార్థం పోస్టుకూ ఇదే సూత్రం. పేరుకు బదులు పని చెప్పాలి. ఆ పని కళ్లకు కట్టాలి. అటు ఇంటి నుంచి ఒకటో రెండో, ఇటు ఇంటి నుంచి ఒకటో రెండో ఎంచుకోవాలి.

ఎంచుకునేటప్పుడు ఖర్చుతో ముడిపడినవి వదిలేయాలి. ఏ హాలు, ఎంత బంగారం, ఎన్ని రకాల వంటలు అన్నవి రెండు కుటుంబాల మధ్య పోలికకు దారి తీస్తాయి. మెలకువగా ఉండి చేసిన పని, దూరం నుంచి రావడం, దగ్గరకు తీసుకోవడం, ఇలాంటివి పోలికకు అందవు. హారిక ఆ రోజును ఒకసారి తలుచుకుని, గుర్తొచ్చినవి కాగితం మీద రాసుకుంటే నాలుగైదు తేలతాయి. వాటితో తిరగరాసిన ప్రతి ఇది:

"నాకూ వంశీకీ నిశ్చితార్థం అయింది.

ఆదివారం తెనాలిలో మా ఇంట్లోనే పెద్దవాళ్లు తాంబూలాలు మార్చుకున్నారు. అమ్మా పిన్నీ శనివారం రాత్రి పొద్దుపోయేదాకా కూర్చుని తాంబూలం సంచులు సర్దారు. వచ్చినవాళ్లకు ఎండ తగలకూడదని నాన్న దగ్గరుండి డాబా మీద పందిరి వేయించారు. అత్తయ్యగారు, మామయ్యగారు కరీంనగర్ నుంచి రాత్రంతా ప్రయాణం చేసి వచ్చారు. అంత అలసటలోనూ అత్తయ్యగారు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, నా జడలో పూలు తనే పెట్టారు. వాళ్లు తెచ్చిన సకినాల డబ్బా సాయంత్రానికల్లా మా ఇంట్లో ఖాళీ అయింది.

వడ్డనకు నిలబడినవాళ్లూ, పిల్లల్ని చూసుకున్నవాళ్లూ, దూరదేశాల నుంచి ఫోన్‌లో చూస్తూ అక్షింతలు వేసినవాళ్లూ, మీరంతా ఉండబట్టే ఆ రోజు అంత నిండుగా గడిచింది. మాకిద్దరికీ అది గుర్తుంటుంది.

దగ్గరివాళ్ల మధ్య ఇంట్లో చిన్నగా చేసుకున్నాం. ఇది చదువుతున్న మీ అందరి దీవెనలూ మాకు కావాలి."

ఇందులో జంట పేరు తప్ప ఇంకెవరి పేరూ లేదు. అయినా మూడో మేనమామ వడ్డనలో తనను చూసుకుంటాడు. డాలస్‌లో ఉన్న అక్క ఫోన్ దగ్గర తనను చూసుకుంటుంది. పనిని బట్టి చెప్పిన మాటలో ఎంతమందికైనా చోటు దొరుకుతుంది. పేరు పట్టుకుని చెప్పిన మాటలో ఒక్కరికే చోటు.

రెండు కుటుంబాలకూ సమానంగా దక్కాయా అన్నది కూడా చూడండి. అటు రెండు పనులు, ఇటు రెండు పనులు వచ్చాయి. సకినాల ముక్క రెండిళ్లనూ ఒకచోట కలిపింది. పిలుపుల్లోనూ తేడా లేదు. ఒకవైపు "అమ్మ, నాన్న" అని, మరోవైపు "శ్రీ ఫలానా దంపతులు" అని రాస్తే ఆ రెండో కుటుంబం గడప బయటే నిలబడ్డట్టు ఉంటుంది. అత్తయ్యగారు అని పిలవడం ఇంకా అలవాటు కాకపోతే "వంశీ వాళ్ల అమ్మగారు" అన్నా బాగానే ఉంటుంది. నోటితో ఎలా పిలుస్తారో అలాగే రాయడం మేలు.

అసలు పిలవనివాళ్ల విషయంలో చాలామంది పొరపడతారు. నిశ్చితార్థానికి యాభై మందిని పిలుస్తారు, పోస్టు ఐదువందల మంది చూస్తారు. "మీ అందరి సమక్షంలో" అని రాస్తే ఆ మిగతావాళ్లకు చివుక్కుమంటుంది. "రాలేకపోయినవారికి కూడా ధన్యవాదాలు" అంటే ఇంకా ఇబ్బంది, ఎందుకంటే పిలిస్తే కదా రాలేకపోవడం! "దగ్గరివాళ్ల మధ్య ఇంట్లో చిన్నగా చేసుకున్నాం" అన్న ఒక్క వాక్యం ఈ చిక్కును మర్యాదగా దాటిస్తుంది. అయితే అది నిజమైతేనే రాయాలి. ఫొటోలో పెద్ద కన్వెన్షన్ హాలు కనిపిస్తుంటే ఆ మాట ఎదురు తిరుగుతుంది. అలాంటప్పుడు సంఖ్య జోలికి పోకుండా "మీ దీవెనలు కావాలి" అని ఆపేయడం మంచిది. "పెళ్లికి అందరినీ పిలుస్తాం" అని ఊపులో రాయకండి. తర్వాత ఆ మాట నిలబెట్టుకోలేకపోతే మళ్లీ అదే బాధ.

కాలం చేసిన తాతయ్యనో నాయనమ్మనో తలుచుకోవాలనుకుంటే, శుభలేఖలో లాగా కీ.శే. అని వరసగా రాయడం కంటే ఒక్క వాక్యంలో వాళ్ల గుర్తు చెబితే చాలు. "తాతయ్య కుర్చీలోనే నాన్న కూర్చుని తాంబూలం అందుకున్నారు" అన్నట్టుగా. రెండో ఇంట్లోనూ అలాంటి లోటు ఉందేమో కనుక్కుని, ఉంటే వాళ్లనూ తలుచుకోవాలి.

సంబంధం తెచ్చిన పెద్దమనిషికి, తంతు జరిపించిన పురోహితులకు, తెల్లవారుజామున వంట మొదలుపెట్టినవాళ్లకు పేరు పెట్టి కృతజ్ఞత చెప్పాల్సిందే. దానికి సరైన చోటు ఫోను, లేదా వాళ్ల ఇంటి గుమ్మం. పోస్టులో ఒక్క బయటి పేరు చేర్చినా జాబితా మళ్లీ మొదలవుతుంది. ఇల్లు ఉన్న వీధి, ఫోన్ నంబర్లు, పెళ్లి తేదీ, మండపం పేరు కూడా అందరూ చూసే పోస్టులో పెట్టకపోవడమే క్షేమం. పెళ్లిరోజున ఇల్లు ఖాళీగా ఉంటుందని ముక్కూమొహం తెలియనివాళ్లకు చెప్పినట్టవుతుంది. ఆ వివరాలు శుభలేఖలో ఎలాగూ వస్తాయి.

రాసింది కుదిరిందో లేదో తెలుసుకోవడానికి పేర్లూ ఊళ్లూ తీసేసి చదవండి. అప్పుడది ఏ జంటకైనా సరిపోతుంటే మీ ఇంటి సంగతి ఒక్కటీ అందులో రాలేదన్నమాట. తర్వాత అటు ఒకరికి, ఇటు ఒకరికి ఫోన్‌లో చదివి వినిపించండి. అమ్మలైతే మరీ మంచిది. ఎవరి పని పొరపాటుగా చెప్పారో, ఏ మాట ఎవరికి గుచ్చుకుంటుందో వాళ్లకు వెంటనే తెలుస్తుంది. వాళ్లిద్దరూ సరేనన్నాకే పోస్టు పెట్టండి. ఒకరోజు ఆలస్యమైనా నష్టం లేదు.