ఇడ్లీ బండి: పంతొమ్మిదో ప్లేటు నుంచే లాభం

గౌరవనీయ దాతలు తరచుగా అడిగే మాట ఒకటుంది: "ఒక పేద కుటుంబానికి టిఫిన్ బండి కొనిస్తే వాళ్ల కాళ్ల మీద వాళ్లు నిలబడతారా?" నిలబడతారు. అయితే బండి కొనివ్వడం సగం పని మాత్రమే. మిగతా సగం చేతిలో తిరిగే డబ్బు. ఈ సంగతి ఇడ్లీ బండి లెక్కతో మీ ముందుంచుతున్నాం.

ఇడ్లీనే ఎందుకు ఎంచుకున్నాం? దీనికి నూనె ఖర్చు లేదు, వంటమాస్టరు అక్కర్లేదు. ఇంట్లో తల్లికి వచ్చిన పనే. పైగా పొద్దున మిగిలిన పిండి సాయంత్రం పునుగులవుతుంది. తక్కువ డబ్బుతో మొదలుపెట్టేవారికి ఇది పెద్ద రక్ష. పూరీ, దోశ, బోండా అన్నీ మొదటి రోజే పెట్టిన బండిలో ఏదో ఒకటి రోజూ మిగిలిపోతుంది. ఆ మిగులే పెట్టుబడిని తినేస్తుంది.

ఖమ్మంలో ఒక ఇల్లాలు ఈ పని మొదలుపెట్టిందనుకుందాం. ధరలు మారుతుంటాయి కాబట్టి ఈ అంకెలను సుమారుగానే తీసుకోవాలి. కిలో మినపగుండ్లకు రెండు కిలోల ఇడ్లీ రవ్వ కలిపితే దాదాపు 130 ఇడ్లీలు వస్తాయి. నాలుగేసి చొప్పున 33 ప్లేట్లు. మినపగుండ్లకు 130 రూపాయలు, రవ్వకు 100, పల్లీలు, పుట్నాలు, మిర్చి, తాలింపు కలిపి చట్నీకి 170, గ్యాసుకు 90, ప్లేట్లకు, మంచినీళ్లకు 40. మొత్తం 530 రూపాయలు. ప్లేటు 30 రూపాయలకు అమ్మితే మొదటి 18 ప్లేట్ల డబ్బు కిరాణా కొట్టుకు, గ్యాసుకు పోతుంది. ఇంటికి దక్కేది పంతొమ్మిదో ప్లేటు నుంచే.

ఆమె 28 ప్లేట్లు అమ్మితే చేతికి 840 రూపాయలు వస్తాయి. ఖర్చు పోను మిగిలేది 310. అమ్ముడుపోని ఐదు ప్లేట్ల పిండిని పారబోస్తే అంతే సంగతి. దానికి పావుకిలో బియ్యప్పిండి, ఉల్లిపాయ, జీలకర్ర కలిపి సాయంత్రం పునుగులు వేస్తే నూనె ఖర్చు పోను మరో వంద రూపాయలు కలుస్తాయి. నెల తర్వాత గిరాకీ కుదిరి రెండు కిలోల మినపగుండ్లు నానబెట్టే స్థాయికి వస్తే గ్యాసు ఖర్చు రెట్టింపు కాదు, నిలబడే సమయమూ పెరగదు. అప్పుడు 56 ప్లేట్లు అమ్మితే 670 రూపాయల దాకా మిగులుతుంది. కుటుంబం గడిచేది ఆ రెండో మెట్టు మీదే. మొదటి నెలలోనే చేయి వదిలేస్తే అక్కడికి చేరరు.

ఈ లెక్కను తలకిందులు చేసేది ముఖ్యంగా పిండి. మన ఖమ్మం ఎండల్లో రాత్రి ఎనిమిదికి రుబ్బిన పిండి తెల్లవారకముందే పొంగి పుల్లబడుతుంది. వేసవిలో పప్పు ఆలస్యంగా నానబెట్టి, చల్లటి నీళ్లతో రుబ్బి, అప్పుడే ఉప్పు వేస్తే పులుపు కాస్త నెమ్మదిస్తుంది. భద్రాచలం అడవి పక్క ఊళ్లలో డిసెంబరు, జనవరి చలికి అదే పిండి పొద్దున్నకి కూడా పొంగదు. అప్పుడు గోరువెచ్చటి నీళ్లతో కలిపి, గిన్నెకు గోనెపట్టా చుట్టి, పొయ్యి పక్కన పెట్టాలి. పిండి సరిగ్గా ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక చుక్కను నీళ్లలో వేసి చూడాలి. తేలితే ఇడ్లీ మెత్తగా వస్తుంది. మునిగితే ఇంకా ఆగాలి. ముక్కుకు ఘాటుగా పుల్లటి వాసన తగిలితే దాన్ని ఇడ్లీకి వాడకూడదు. పునుగుల నూనెకూ గుర్తులున్నాయి. రంగు నల్లబడినా, నురగ తగ్గకపోయినా, కాగకముందే పొగ వచ్చినా దాన్ని పారబోయాలి. ఇరవై రూపాయల నూనె మిగుల్చుకుందామని చూస్తే తిన్నవాడు మళ్లీ రాడు.

ఇక బండి ఎక్కడ నిలబెట్టాలన్నది. ఖమ్మం వ్యవసాయ మార్కెట్‌కు మిర్చి వచ్చే కాలంలో, అంటే సుమారు జనవరి నుంచి ఏప్రిల్ దాకా, రైతులు, హమాలీలు, ఆటోవాళ్లు తెల్లవారుజామునే ఆకలితో ఉంటారు. అక్కడ ఐదు గంటలకే ఆవిరి రావాలి. భద్రాచలంలో యాత్రికులు ఎక్కువ కాబట్టి కోడిగుడ్డు పెట్టని శాకాహార బండికే గిరాకీ. శ్రీరామనవమికి, ముక్కోటి ఏకాదశికి జనం పోటెత్తుతారు. వానాకాలంలో లెక్క వేరు. గోదావరి 43 అడుగులు దాటితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48 దాటితే రెండోది, 53 దాటితే మూడోది. 2022 జూలైలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. అలాంటి వారాల్లో యాత్రికులు రారు, అమ్మకం ఉండదు. రంజాన్‌లోనూ కొందరు ఉదయం పని ఆపి సాయంత్రానికి మారతారు. ఏడాదిలో ఇలా ఖాళీగా పోయే రోజులను ముందే లెక్కలో వేసుకోవాలి.

భద్రాచలం ప్రాంతం షెడ్యూల్డు ఏరియా. 1970 నాటి భూ బదలాయింపు నిబంధన ప్రకారం అక్కడ గిరిజనేతరులు భూమి కొనడానికి వీల్లేదు. భూమి, దుకాణం లేని కుటుంబానికి చక్రాల మీద నడిచే బండి అందుకే అనువైనది. ఏజెన్సీ ఊళ్ల వారపు సంతలకు సరంజామా ఆటోలో వేసుకుని వెళ్లవచ్చు. గిరిజన మహిళలు కుట్టే అడ్డాకుల విస్తర్లు అక్కడే కొనుక్కుంటే ప్లాస్టిక్ కాగితం మీద వేడి ఇడ్లీ పెట్టే అవసరం ఉండదు.

ఇక సహాయం ఎలా చేయాలన్న ప్రశ్న. పాత తోపుడు బండి, ఇడ్లీ పాత్ర, పొయ్యి, గ్రైండరు అన్నీ కలిపి దాదాపు 30 వేలు అవుతాయని మా అంచనా. గ్యాసు విషయంలో జాగ్రత్త అవసరం. ఇంటి సిలిండరు వ్యాపారానికి వాడితే అధికారులు పట్టుకుపోతారు. కాబట్టి వాణిజ్య సిలిండరే ఇప్పించాలి. దీనితోపాటు మరో ఆరు వేలు చేతి డబ్బుగా ఇవ్వాలి. పదకొండు రోజుల సరుకుకు అది సరిపోతుంది. ఇది లేని బండికి ఒక జ్వరమో, నాలుగు రోజుల వానో చాలు. పెట్టుబడి ఇంటి ఖర్చులోకి పోతుంది, పప్పు అరువుకు వస్తుంది, బండి గోడ పక్కన నిలుస్తుంది. అర కిలో, పావు కిలో చొప్పున అరువు సరుకు తేవడం మొదలైందంటే బండి ఆగబోతోందని గుర్తు. ఆ వారమే వెళ్లి పలకరించాలి.

ప్రభుత్వ అప్పు ఉంది కదా అని కొందరు అంటారు. 2020 జూన్‌లో మొదలైన పీఎం స్వనిధి పథకంలో ఇప్పుడు మొదటి విడత 15 వేలు, తర్వాత 25 వేలు, 50 వేలు ఇస్తారు. కానీ అది ఇప్పటికే పట్టణంలో అమ్ముతూ మునిసిపాలిటీ గుర్తింపు లేదా సిఫారసు పత్రం పొందిన వారికి. ఈరోజే మొదలుపెట్టేవారికి అది అందదు. పైగా అది వడ్డీతో కూడినది. మొదటి బండి, మొదటి సరుకు మనమే ఇవ్వవలసి వస్తుంది.

జకాత్ సొమ్ముతో ఇచ్చే బండి, సామాను ఆ కుటుంబం సొంతం కావాలి. వాటిని సంస్థ పేరున ఉంచకూడదు. తిరిగే డబ్బును సదఖా నిధి నుంచి ఖర్జె హసనాగా ఇచ్చి, రెండో నెల నుంచి వారానికి రెండు వందల చొప్పున తిరిగి తీసుకుంటే ఆరు వేలు ముప్పై వారాల్లో తీరుతాయి. అదే సొమ్ము తర్వాతి ఇంట్లో మినపగుండ్లు నానబెట్టడానికి పనికొస్తుంది.