పంతొమ్మిదో గేటును నీళ్లు ఎంత గట్టిగా తోస్తాయి?

2024 ఆగస్టు 10 రాత్రి హొసపేట దగ్గర తుంగభద్ర డ్యామ్ 19వ గేటు చైను తెగి, గేటు కొట్టుకుపోయింది. జలాశయం నిండుగా ఉన్న సమయం. ఆ నీళ్ల మీద ఆశ పెట్టుకున్న రాయలసీమ రైతులకు ఆ వారమంతా కంటి మీద కునుకు లేదు. ఆ గేటు 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తున్న నిలువు ఉక్కు పలక. నిండు జలాశయం దాన్ని ఎంత బలంతో తోస్తుందో కాగితం మీదే తేల్చుకోవచ్చు.

వెనక నీళ్లు ఎన్ని మైళ్లు పరుచుకున్నాయన్నది ఈ లెక్కలోకి రాదు. చాలామందికి ఇది మింగుడుపడదు. వంద టీఎంసీల జలాశయమైనా, గేటు వెనక గజం వెడల్పు తొట్టి అయినా, నిలకడ నీళ్లు 20 అడుగుల లోతు ఉంటే గేటు మీద పడే బలం ఒక్కటే. ఒక బిందువు దగ్గర ఒత్తిడిని నిర్ణయించేది దాని మీద ఎంత లోతు నీళ్లున్నాయన్నదే. ఘనమీటరు నీళ్లు టన్ను తూగుతాయి కాబట్టి, మీటరు లోతున ప్రతి చదరపు మీటరు మీదా టన్ను ఒత్తిడి ఉంటుంది. గేటు అడుగున, అంటే 6.1 మీటర్ల లోతున, అది 6.1 టన్నులు. పై అంచున సున్నా.

చిక్కు ఇక్కడే ఉంది. ఒత్తిడి గేటంతా ఒకేలా ఉంటే వైశాల్యంతో గుణించి ఊరుకోవచ్చు. కానీ అది పై నుంచి కిందికి మారుతూ పోతోంది. అందుకని గేటును నాలుగేసి అడుగుల ఎత్తున అయిదు అడ్డపట్టీలుగా కోసి చూద్దాం. ప్రతి పట్టీకీ దాని పై అంచు దగ్గరి ఒత్తిడినే లెక్కలోకి తీసుకుంటే మొత్తం 272 టన్నులు వస్తుంది. ఇది తక్కువ అంచనా. కింది అంచు ఒత్తిడి తీసుకుంటే 408, ఇది ఎక్కువ. పట్టీలను అడుగు ఎత్తుకు సన్నం చేస్తే ఆ రెండూ 323, 357కు దగ్గరపడతాయి. అంగుళానికి తగ్గిస్తే ఇంకా దగ్గరవుతాయి. ఈ సన్నబడటానికి అంతు లేకుండా చేసి, రెండు అంచనాలూ కలిసే చోటును పట్టుకోవడమే సమాకలనం. లోతు y, వెడల్పు b, నీటి సాంద్రభారం w అనుకుంటే:

F = ∫ w·y·b dy = ½·w·b·h²

ఇందులో h మొత్తం లోతు. 6.1 మీటర్లు, 18.29 మీటర్లు వేస్తే జవాబు సుమారు 340 టన్నులు.

ఈ బలం చైను మీద నేరుగా పడదు. నీళ్లు గేటును అడ్డంగా తోస్తాయి, గేటు ఆ తోపుడును రెండు పక్కలా పియర్లలోని గాడులకు అప్పగిస్తుంది. చైను మోసేది గేటు బరువును. ఎత్తేటప్పుడు, ఆ 340 టన్నుల నొక్కుడు వల్ల గాడుల్లో పుట్టే రాపిడిని కూడా.

సూత్రంలో h వర్గంగా ఉండటం గమనించాలి. గేటు వెనక నీళ్లు 20 అడుగుల నుంచి 16కు దిగితే లోతు తగ్గింది అయిదో వంతే, బలం మాత్రం 340 నుంచి 218 టన్నులకు, అంటే మూడో వంతుకు పైగా పడిపోతుంది. సగానికి దిగితే మిగిలేది 85 టన్నులే. మిగతా గేట్లు తెరిచి విలువైన నీళ్లు నదిలోకి వదలక తప్పని పరిస్థితిని ఈ అంకెల పక్కన పెట్టి చూడాలి.

గేట్ల నిపుణుడు కన్నయ్య నాయుడు ఆధ్వర్యంలో ఆ ఖాళీని స్టాప్‌లాగ్‌తో వారం రోజుల్లోనే మూశారు. నాలుగడుగుల ఎత్తు పలకలను ఒకదాని మీద ఒకటి దించారు. మనం కాగితం మీద కోసిన పట్టీల్లాంటివే అవి. నీళ్లు పూర్తి మట్టానికి చేరి నిలిస్తే పై పలక మీద 13.6 టన్నులు, తర్వాత వరసగా 40.8, 68, 95.2, అన్నిటికన్నా కింది దాని మీద 122.4 టన్నులు. ఒకటి, మూడు, అయిదు, ఏడు, తొమ్మిది వంతులన్నమాట. పలకలన్నీ ఒకే మోస్తరుగా చేయించాలంటే తొమ్మిది వంతులకు తట్టుకునేలా చేయించాల్సిందే. అయితే ఇవి నిలకడ నీళ్ల అంకెలు. ప్రవాహంలోకి పలక దింపేటప్పుడు నీళ్లు దాని మీంచి దూకుతూ కిందికి లాగుతాయి, కుదుపుతాయి. ఆ బలాలు ఈ సూత్రానికి అందవు.

శాశ్వత గేట్ల విషయంలో ఇంజినీర్లు లెక్కను తిరగేస్తారు: ఎత్తును కాదు, బలాన్ని సమానంగా పంచుతారు. నాలుగు అడ్డదూలాలు తలా 85 టన్నులు మోయాలంటే మొదటి దూలం పంపకం పై నుంచి పదడుగులు. రెండోది 14.1 అడుగుల దాకా, మూడోది 17.3 దాకా, ఆఖరిది 20 దాకా. అంటే పై దూలానికి పదడుగుల పలక దక్కితే, కింది దూలానికి మూడడుగులు కూడా దక్కదు. నీళ్లు లేని వైపు నుంచి ఇలాంటి నిలువు గేటును చూస్తే, దూలాలు కిందికి పోయేకొద్దీ ఒకదానికొకటి దగ్గరవుతూ కనిపిస్తాయి.